మామూలు ఫోన్‌లో క్రికెట్ గేమ్: బ్యాటింగ్ టైమింగ్, లాగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎలాంటి ఫోన్ ఉన్నవాళ్ళ కోసం?

2 నుంచి 4 జీబీ ర్యామ్, నాలుగైదేళ్ళ కిందటి ప్రాసెసర్, స్టోరేజ్ ఎప్పుడూ నిండిపోయే ఆండ్రాయిడ్ ఫోన్ ఉండి, మ్యాచ్ లేని రోజు కూడా క్రికెట్ లేకపోతే చేతులు దురదపెట్టే వాళ్ళ కోసం. నా దగ్గర ఉన్నది 3 జీబీ ఫోన్, కింద చెప్పే కుస్తీలన్నీ దానితో పట్టినవే. అయిదు ఓవర్లలో వంద కొట్టేసి హాయిగా పడుకుందాం అనుకునేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు, వాళ్ళు ఏ గేమ్ వేసుకున్నా సరిపోతుంది.

రియలిస్టిక్ బ్యాటింగ్ అంటే ఏంటి, గ్రాఫిక్స్ బాగుండటమా?

కాదు. స్టేడియం మెరిసిపోయి, జనం చేతులూపుతూ, బౌలర్ మొహం మీద చెమట కూడా కనిపించి, తీరా బ్యాటింగ్ చేస్తే ఏ బంతికైనా ఒకటే బటన్, ఎప్పుడు నొక్కినా ఫోరే అయితే అది వీడియో చూసినట్టే కదా. నా లెక్కలో రియలిస్టిక్ అంటే మూడు పనులు మన చేతిలో ఉండాలి: ఎటు కొడతామో, కాలు ముందుకా వెనక్కా, ఎప్పుడు కొడతామో. మూడోదే అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్ పాడుచేసేది కూడా దాన్నే.

పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2006లో ఈఏ స్పోర్ట్స్ వాళ్ళ క్రికెట్ 07 వచ్చినప్పుడు సెంచురీ స్టిక్ అని ఒకటి పెట్టారు, గేమ్‌ప్యాడ్‌లో ఒక స్టిక్‌తో కాలు, ఇంకో స్టిక్‌తో షాట్. ఫోన్‌లో ఎడమ బొటనవేలికి దిక్కు, కుడి బొటనవేలికి షాట్ బటన్లు పెట్టే పద్ధతి కూడా ఆ ఆలోచనకి దగ్గరదే.

మరి ఏ గేమ్ వేసుకోమంటారు?

ఒక్క పేరు చెప్పి తప్పించుకోలేను, ఫోన్‌ని బట్టి ఉంటుంది. చెన్నైకి చెందిన నెక్స్ట్‌వేవ్ వాళ్ళది వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్, దాంట్లో WCC2 పాతది, WCC3 తర్వాత వచ్చింది. నాటిలస్ వాళ్ళది రియల్ క్రికెట్, అందులో 20, 22, 24 అని వరసగా వచ్చాయి. రియల్ క్రికెట్ 20లో బ్యాట్స్‌మన్ కళ్ళలోంచి చూస్తున్నట్టు ఆడే ప్రో క్యామ్ అని ఒకటుంది, బంతి నేరుగా మన మొహం మీదకొస్తుంటే గుండె ఝల్లుమంటుంది, కానీ అది అలవాటు పడ్డాక ఆడాల్సిన ముచ్చట.

2 జీబీ ఫోన్ అయితే పాత భాగంతో మొదలుపెట్టండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కొత్తది ఆగి ఆగి నడవటం కన్నా పాతది సాఫీగా నడవటం బ్యాటింగ్‌కి మేలు, ఎందుకో కిందకి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది. 4 జీబీ ఉంటే కొత్తది వేసి చూసి, కింద చెప్పిన ముప్పై బంతుల పరీక్ష పెట్టి, ఫెయిలైతే వెనక్కి రండి.

నేను ఎప్పుడూ లేట్‌గానే కొడుతున్నా, తప్పు నాదా ఫోన్‌దా?

అందరూ అడిగేది ఇదే, ముందు కొంచెం లెక్క చూద్దాం. అసలు క్రికెట్‌లో రెండు చివర్ల బ్యాటింగ్ క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. గంటకి 140 కిలోమీటర్ల బంతి అంటే సెకనుకి దాదాపు 39 మీటర్లు, పిచ్ పడ్డాక కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి మన దగ్గరకొచ్చేసరికి సుమారు అర సెకను అనుకోండి. గేమ్‌లో అచ్చం అంతే ఉండాలని లేదు, కొన్ని గేముల్లో మనమీద జాలిపడి కొంచెం నెమ్మదిగా వేస్తారు, అయినా లెక్క అర్థం కావటానికి ఇది చాలు.

ఇప్పుడు ఫోన్ సెకనుకి 30 ఫ్రేములు చూపిస్తోందంటే ఆ అర సెకనులో మనకి కనిపించేవి 15 బొమ్మలు. అదే 20కి పడిపోతే 10 బొమ్మలే, వాటిలోనే బంతి చేతిలోంచి రావటం, ఎక్కడ పడుతుందో చూడటం, షాట్ అనుకోవటం, వేలు కదపటం అన్నీ అయిపోవాలి. దీనికి తోడు వేలు పెట్టిన క్షణానికీ తెర మీద బ్యాట్ కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం ఒకటుంటుంది, అది సెకనులో పదో వంతు ఉందనుకుంటే ఆ లోపల బంతి నాలుగు మీటర్లు వచ్చేసినట్టే. గుడ్ లెంగ్త్ బంతి పిచ్ పడి బ్యాట్ దాకా వచ్చే దారిలో సగానికి పైనే అది పోయింది, ఇంక మనం ఎంత చూసి కొడితే ఏం లాభం!

కాబట్టి తప్పు ఎవరిదో తేల్చటానికి ఊహ పనికిరాదు, ముప్పై బంతులు ఆడి రాసుకోవాలి.

ఆ ముప్పై బంతుల పరీక్ష ఎలా చెయ్యాలి?

నెట్స్ లాంటి ప్రాక్టీస్ మోడ్ ఉంటే అది తీసుకోండి, లేకపోతే అయిదు ఓవర్ల మ్యాచ్ చాలు. డిఫికల్టీ మధ్యరకంలో పెట్టండి. సెట్టింగ్స్‌లో టైమింగ్ మీటర్ ఉంటే ఆన్ చెయ్యండి, ఎర్లీ, గుడ్, లేట్ అని బంతి బంతికీ చూపిస్తుంది. బౌలర్ ఒక్కడే ఫాస్ట్ మీడియం అయితే మంచిది, షాట్ కూడా ఒకటే, నేలబారుగా స్ట్రెయిట్ డ్రైవ్, వైడ్లూ షార్ట్ బంతులూ వదిలేసి లెక్కలోకి తీసుకోవద్దు. పక్కన కాగితం మీద మూడు గడులు గీసి ప్రతి బంతికీ ఒక గీత పెట్టుకోండి. గెలుపోటములు మర్చిపోండి, ఈ ముప్పై బంతులూ పరుగుల కోసం కాదు.

నాకు మొదటిసారి వచ్చింది ఇదీ: ఎర్లీ 3, గుడ్ 8, లేట్ 19. అంటే తప్పులు ఒకే వైపు కూడాయి. అలా ఒకే వైపు కూడితే ఆలస్యం ఎప్పుడూ ఒకే లెక్కలో ఉందని అర్థం, ఫోన్ ప్రతి బంతికీ ఒకేలా మనల్ని వెనక్కి లాగుతోంది, లేదా మనమే ప్రతిసారీ ఆలస్యంగా మొదలుపెడుతున్నాం. ఇది బాగుపడే జబ్బు.

అలా కాకుండా ఎర్లీ 11, గుడ్ 7, లేట్ 12 లాగా అటూ ఇటూ చెదిరితే ఫ్రేములు ఒక్కో బంతికి ఒక్కోలా పడిపోతున్నాయన్నమాట. దీనికి సాధన చేసి లాభం లేదు, ప్రతిసారీ మారిపోయే ఆలస్యానికి చెయ్యి ఎలా అలవాటు పడుతుంది. ముందు ఫోన్ సంగతి చూడాలి.

తప్పులన్నీ లేట్ వైపే ఉంటే ఏం చెయ్యాలి?

నేను చేసింది వరసగా చెప్తా. మొదట బ్యాటరీ సేవర్ తీసేశా, అది ఆన్‌లో ఉంటే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది, చాలామందికి అది ఆన్‌లో ఉన్న సంగతే తెలియదు, ఛార్జింగ్ తగ్గగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకుని మర్చిపోయి ఉంటారు. తర్వాత Developer options లోకి వెళ్ళి `Force 4x MSAA` ఆన్‌లో ఉందేమో చూశా, ఎప్పుడో ఏదో వీడియో చూసి గ్రాఫిక్స్ బాగుంటాయని నేనే ఆన్ చేసుకున్నా, ఈ ఫోన్‌కి అది మోయలేని బరువు. ఆపేసి మళ్ళీ ముప్పై బంతులు ఆడితే ఎర్లీ 4, గుడ్ 14, లేట్ 12.

మిగతాది నా వైపు నుంచి. నేను బంతి పిచ్ పడ్డాక బటన్ నొక్కుతున్నా, టీవీలో చూసే అలవాటుతో అక్కడే కళ్ళు పెట్టుకుంటాం కదా. దాన్ని మార్చి బౌలర్ చెయ్యి తల పైకొచ్చినప్పుడే ఎడమ బొటనవేలితో దిక్కు పెట్టేసి, బంతి నేల తాకే ముందే కుడి వేలు కదలటం మొదలుపెట్టా. రెండు రోజులు చిరాకేసింది, ఊరికే ఎర్లీలు పడ్డాయి. మూడో రోజు లెక్క: ఎర్లీ 6, గుడ్ 18, లేట్ 6. రెండు వైపులా సమానంగా ఉంది, అంటే ఇప్పుడు మిగిలిన తప్పులు నావి, అవి ఉంటే ఉండనీ, నేనేమన్నా కోహ్లీనా.

చెదిరిపోతే? గ్రాఫిక్స్‌లో ఏం తగ్గించాలి?

అన్నీ తగ్గించేయమంటారు చాలామంది, అలా చేస్తే బంతే కనిపించదు. నేను చేసే వరస వేరే. ముందు జనం, అంటే క్రౌడ్ తగ్గించే ఆప్షన్ ఉంటే అది, తర్వాత నీడలు, ఆ తర్వాత రీప్లేలు. రీప్లే ఆఫ్ చేస్తే ఫ్రేములు పెరగవు గానీ ఫోన్ వేడెక్కే టైం తగ్గుతుంది. రిజల్యూషన్ మాత్రం అన్నిటికన్నా చివర ముట్టుకోండి, అది తగ్గిస్తే బంతి మూడు చుక్కల ముద్దలాగా మారి లెంగ్త్ పట్టుకోవటం కష్టమైపోతుంది.

గేమ్‌లో ఫ్రేమ్ రేట్ ఎంచుకునే వీలుంటే 30 పెట్టండి, 60 అని చూసి ఆశపడొద్దు. ఈ ఫోన్ 60 ఇవ్వలేదు, ఇవ్వలేక ఒకసారి 45, ఒకసారి 22 ఇస్తుంది, ఆ ఊగిసలాటే మన స్కోరుని చెదరగొట్టేది. మొదటి నుంచి చివరి దాకా 30 నిలకడగా వస్తే చెయ్యి దానికి అలవాటు పడుతుంది.

ఒక చిన్న గుర్తు చెప్తా: బౌలర్ పరిగెత్తేటప్పుడు బాగానే ఉండి, బంతి వదిలే క్షణంలోనే తెర ఒక్కసారి తడబడితే కెమెరా మారటం వల్ల అనుకోండి. సెట్టింగ్స్‌లో వేరే బ్యాటింగ్ కెమెరా ఉంటే మార్చి చూడండి, నాకు ఒక గేమ్‌లో ఇదొక్కటే పనిచేసింది.

మొదటి మూడు ఓవర్లు బాగుంటుంది, పదో ఓవర్‌కి చెత్తగా అవుతుంది, ఎందుకు?

వేడి. ఫోన్ వేడెక్కితే తనని తాను కాపాడుకోవటానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, మనకి ముందుగా ఏమీ చెప్పదు. పరీక్ష సులువే, మొదటి రెండు ఓవర్లకి ఒక లెక్క, పదో ఓవర్ తర్వాత రెండు ఓవర్లకి ఇంకో లెక్క రాసి పక్కపక్కన పెట్టండి, రెండోది చెదిరి ఉంటే వేడే.

మందపాటి వెనక కవర్ తీసేసి ఆడండి, తెర వెలుగు సగానికి తగ్గించండి, ఛార్జర్ పెట్టి మాత్రం ఆడొద్దు. ఛార్జర్‌తో ఇంకో తంటా కూడా ఉంది, కొన్ని నాసిరకం ఛార్జర్లు పెట్టినప్పుడు టచ్ పిచ్చి పిచ్చిగా చేస్తుంది. చూడాలంటే Developer options లో `Pointer location` ఆన్ చేసి తెర మీద వేలితో నెమ్మదిగా ఒక వంకర గీత గియ్యండి. ఛార్జర్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి. గీత తెగిపోతున్నా, వేలు పెట్టని చోట చుక్కలు పుడుతున్నా ఇంక గేమ్‌ని తిట్టి లాభం లేదు. ఇదే పరీక్ష పాత స్క్రీన్ గార్డుకీ చెయ్యొచ్చు, నాది అంచు దగ్గర లేచిపోయి సరిగ్గా లాఫ్ట్ బటన్ ఉండే చోటే టచ్ తీసుకునేది కాదు, నేనేమో నెల రోజులు సిక్సులు పడట్లేదని ఏడ్చా.

బటన్లా, స్వైపా?

స్వైప్ చూడటానికి బ్యాట్ ఊపినట్టే ఉంటుంది, చేతికి బాగుంటుంది. కానీ వేలు పెట్టి, కొంత దూరం లాగితే గానీ అది స్వైపని గేమ్‌కి అర్థం కాదు, ఆ లాగే టైం కూడా మన అర సెకనులోంచే పోతుంది. బటన్ అయితే తాకగానే పని మొదలు. అందుకని నెమ్మది ఫోన్‌లో నా ఓటు బటన్లకే, ఎడమ వేలికి దిక్కు, కుడి వేలికి నేలబారు, లాఫ్ట్, డిఫెన్స్.

మీ గేమ్‌లో స్వైప్ ఎప్పుడు లెక్కలోకి వస్తుందో తెలుసుకోవాలంటే, వేలు పెట్టి లాగి అలాగే ఎత్తకుండా పట్టుకోండి. బ్యాట్స్‌మన్ అప్పటికే షాట్ ఆడేస్తే సరే, వేలు ఎత్తేదాకా ఆగితే మాత్రం ఆ గేమ్‌లో పేస్‌కి స్వైప్ పెట్టుకోవద్దు. బటన్ల సైజు, చోటు మార్చుకునే వీలుంటే షాట్ బటన్‌ని మీ బొటనవేలు ఊరికే పెట్టినప్పుడు ఎక్కడ ఆనుతుందో అక్కడికి జరపండి.

పేస్ ఆడేస్తున్నా గానీ స్పిన్ రాగానే స్టంపౌట్, ఎందుకో?

లాగ్‌కి అలవాటు పడ్డ చెయ్యి స్పిన్‌కి తొందరపడుతుంది. గంటకి 80 కిలోమీటర్ల బంతి రావటానికి ముప్పావు సెకను పైనే పడుతుంది, అదే పేస్ లయలో నొక్కితే ఎర్లీ. స్పిన్‌కి మాత్రం పాత పద్ధతే మంచిది, బంతి పిచ్ పడి ఎటు తిరిగిందో చూశాకే బటన్. ముందుకు దూకే ఆప్షన్ జోలికి పోకుండా ఓవర్‌కి రెండు బంతులు వెనక్కాలి మీద డిఫెన్స్ ఆడండి, లయ దొరుకుతుంది.

బంతి ఎక్కడ పడుతుందో చూపించే గుర్తు ఉంచాలా తీసేయాలా?

అభిమానిగా అయితే తీసేయమంటా, ఎందుకంటే ఆ గుర్తు ఉన్నంతకాలం మనం బౌలర్‌ని చూడం, నేల మీద చుక్కనే చూస్తాం. కానీ ఒకేసారి తీసేస్తే అయిదు బంతులకి అయిదు వికెట్లు. పైన చెప్పిన లెక్కలో గుడ్ సగం దాటాక తియ్యండి, మొదట స్పిన్నర్లకి, తర్వాత పేసర్లకి. గేమ్‌లో తీసే వీలు లేకపోతే డిఫికల్టీ పెంచి చూడండి, కొన్నిట్లో పై లెవెల్లో ఆ గుర్తు ఆలస్యంగా వస్తుంది లేదా అసలు రాదు.

గేమ్ స్లో అయింది, క్యాష్ క్లియర్ చెయ్యాలా?

`Clear cache` చేస్తే నష్టం లేదు. దాని పక్కనే ఉండే `Clear storage` లేదా `Clear data` మాత్రం ముట్టుకోకండి, నేను ఒకసారి పొరపాటున అది నొక్కి అరవై మ్యాచుల కెరీర్ పోగొట్టుకున్నా, నా ఓపెనర్ పదకొండు సెంచరీలతో పాటు గాల్లో కలిసిపోయాడు. ముందు గేమ్‌లో అకౌంట్‌తో సేవ్ చేసుకునే ఆప్షన్ ఉందేమో చూసుకుని ఆన్ చేసుకోండి.

నిజానికి స్లో అవటానికి ఎక్కువసార్లు కారణం క్యాష్ కాదు, ఫోన్ స్టోరేజ్ గొంతుదాకా నిండిపోవటం. రెండు మూడు జీబీ ఖాళీ ఉంచండి, వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలు డిలీట్ చేస్తే చాలామందికి అంత దొరుకుతుంది.

గేమ్ బూస్టర్ యాప్స్ పనిచేస్తాయా?

బయటి నుంచి వేసుకునేవి వద్దు, అవే ర్యామ్ తింటాయి, పైగా ఓవర్‌కో యాడ్. ఆడే ముందు ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి, దానికన్నా పెద్ద బూస్టర్ లేదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఆడితే ఏమన్నా తేడానా?

చాలా తేడా. వీటిలో చాలావాటికి శబ్దం సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది. బ్యాట్ బంతికి తగిలాక ఎప్పుడో టక్ మంటుంది, మన మెదడు ఆ టక్‌ని నమ్మి తర్వాతి బంతికి టైమింగ్ మార్చుకుంటుంది. వైరు ఉన్నవి వాడండి, లేదా స్పీకర్.

ఆన్‌లైన్‌లో వేరేవాళ్ళతో ఆడితే కూడా ఇదే పద్ధతా?

అక్కడ నెట్ ఆలస్యం ఇంకోటి కలుస్తుంది, అది మన చేతిలో లేదు. టైమింగ్ నేర్చుకునే నెల రోజులు ఆఫ్‌లైన్‌లోనే ఆడండి.

క్రికెట్ 24 ఏపీకే ఫోన్‌కి దొరుకుతోంది, వేసుకోవచ్చా?

వద్దు. బిగ్ యాంట్ స్టూడియోస్ 2023లో తెచ్చిన క్రికెట్ 24 పీసీకీ కన్సోళ్ళకీ చేసింది, ఫోన్ వెర్షన్ లేదు. ఆ పేరుతో ఫోన్‌కి వచ్చే ఫైల్ ఏదైనా వేరే గేమ్‌కి ముసుగు వేసింది, లేదా మాల్వేర్. ఇక ఎమ్యులేటర్ వేసి పాత పీఎస్2 క్రికెట్ 07 ఆడదామని కూడా అడుగుతుంటారు, నాకూ ఆ ఆశ ఉండేది, ఈ స్థాయి ఫోన్‌లో అది స్లో మోషన్‌లో నడిచింది, బౌలర్ పరుగు మొదలుపెట్టి క్రీజు చేరేలోపు నేను టీ కలుపుకుని వచ్చా.